ప్రతి తల్లికీ ఆ మూడు పరీక్షలు ఎందుకు?

నెల తప్పాక తొలిసారి ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ రాసిచ్చే రక్తపరీక్షల చీటీలో హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగరు, థైరాయిడ్ వరుసగా ఉంటాయి. వాటిని ఎవరూ ప్రశ్నించరు. వాటి కింద ఇంకో మూడు కనిపిస్తాయి: హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ, వీడీఆర్‌ఎల్. మొదటిది ఎయిడ్స్ వైరస్ కోసం, రెండోది హెపటైటిస్-బి కోసం, మూడోది సిఫిలిస్ కోసం. పాతకాలం వాళ్లు సవాయి అని పిలిచిన జబ్బు ఇదే. ఇక్కడికి వచ్చేసరికి భర్త గొంతు తగ్గించి అడుగుతాడు. అత్తగారైతే నేరుగానే అడిగేస్తుంది: "మా ఇంట్లో అలాంటివేమీ లేవండీ, ఇవెందుకు?"

అడగడంలో తప్పు లేదు. ఒకప్పుడు వైద్యులు కూడా ఇలాగే ఆలోచించారు. హెపటైటిస్-బి సంగతే చూద్దాం. తల్లి రక్తంలో ఈ వైరస్ ఉంటే పుట్టిన వెంటనే బిడ్డకు టీకా వేసి కాపాడవచ్చని తేలాక, 1984లో అమెరికాలో టీకాల సలహా సంఘం ఒక జాబితా తయారు చేసింది. వైరస్ ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చినవాళ్లు, మత్తుమందులు ఎక్కించుకునేవాళ్లు, రక్తంతో పనిచేసే ఆసుపత్రి ఉద్యోగులు, గతంలో కాలేయ జబ్బు ఉన్నవాళ్లు... ఇలా "అనుమానం ఉన్న" గర్భిణులకే పరీక్ష చేస్తే చాలనుకున్నారు. చూడ్డానికి సబబుగానే ఉంది. ఖర్చూ తక్కువ.

నాలుగేళ్లు తిరిగేసరికి ఆ లెక్క తప్పింది. పెద్ద ఆసుపత్రులు వచ్చిన ప్రతి గర్భిణి రక్తాన్నీ పరీక్షించి, పాత జాబితాతో పోల్చి చూశాయి. వైరస్ ఉన్న తల్లుల్లో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా ఆ జాబితాకు చిక్కనే లేదు. కొందరిని డాక్టర్లు అడగలేదు. కొందరు చెప్పుకోలేదు. చాలామందికి చెప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే తమకు ఆ వైరస్ ఎలా వచ్చిందో వాళ్లకే తెలియదు. 1988 జూన్‌లో అదే సంఘం తన మాట మార్చుకుంది: గర్భిణులందరికీ హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయాలని చెప్పింది. సిఫిలిస్ విషయంలో ఈ పద్ధతి ఇంకా పాతది. గర్భిణులకు సిఫిలిస్ పరీక్ష చేయాలని న్యూయార్క్ రాష్ట్రం 1938లోనే చట్టం చేసింది.

హెచ్‌ఐవీ దగ్గర ఇదే పాఠాన్ని మన పక్కనే నేర్చుకున్నారు. 1986లో చెన్నైలో దేశంలోని తొలి హెచ్‌ఐవీ కేసులను బయటపెట్టిన డాక్టర్ సునీతి సోలమన్, తర్వాతి కాలంలో తన కేంద్రానికి వచ్చిన 134 మంది హెచ్‌ఐవీ సోకిన మహిళల వివరాలను సహచరులతో కలిసి పరిశీలించారు. 2000లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం వాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది గృహిణులు. దాదాపు తొమ్మిదిమంది జీవితంలో భర్త తప్ప మరొకరితో సంబంధం లేనివాళ్లు. అనుమానితుల జాబితా రాయమంటే వీళ్లలో చాలామంది పేరు అందులోకి ఎక్కేది కాదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పుకోవాలి. మన ఇళ్లలో మగవాడికి ఈ పరీక్ష చేసే సందర్భమే రాదు. ఆమెకు మాత్రం కడుపు పండగానే వస్తుంది. కాబట్టి ఇంట్లో వైరస్ ఉంటే అది మొదట బయటపడేది ఆమె రిపోర్టులోనే. మొదట బయటపడినవాళ్లే మొదట తెచ్చినవాళ్లు అనుకోవడం శుద్ధ పొరపాటు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ చాలాసార్లు భర్త నుంచే వచ్చి ఉంటాయి. హెపటైటిస్-బి అయితే ఆమె పుట్టినప్పుడే కన్నతల్లి నుంచి వచ్చి, పాతికేళ్లుగా ఏ లక్షణమూ లేకుండా ఉండి ఉండవచ్చు. అందుకే మంచి ఆసుపత్రుల్లో భార్య పరీక్షతో పాటే భర్తనూ పరీక్షకు పిలుస్తారు. పిలవకపోతే ఆ భర్తే అడిగి చేయించుకోవచ్చు.

లక్షణాలు చూసి పట్టుకుందామన్నా కుదరదు. హెపటైటిస్-బి అనగానే పచ్చకామెర్లు గుర్తొస్తాయి గానీ, వైరస్‌ను దీర్ఘకాలం మోసేవాళ్లలో ఎక్కువమందికి కళ్లు పచ్చబడవు, ఆకలి తగ్గదు. సిఫిలిస్‌లో మొదట వచ్చే పుండు నొప్పి పెట్టదు, ఆడవాళ్లలో తరచూ లోపలి భాగంలో వచ్చి కనబడకుండానే మానిపోతుంది. ఆ తర్వాత జబ్బు సంవత్సరాల తరబడి మౌనంగా ఉంటుంది. హెచ్‌ఐవీ సోకినవాళ్లు పదేళ్ల దాకా మామూలుగానే కనిపించవచ్చు. బిడ్డ మటుకు తల్లి ఆరోగ్యంగా కనిపిస్తోందా లేదా అన్నదానితో పని లేకుండానే జబ్బు తెచ్చుకుంటుంది.

మూడు జబ్బులు, మూడు గడువులు

చీటీలో ఈ మూడూ పక్కపక్కనే ఉన్నా, ఫలితం తేలాక చేయాల్సిన పని మూడింటికీ మూడు వేర్వేరు సమయాల్లో ఉంటుంది. కడుపుతో ఉన్నవాళ్లకూ ఇంట్లోవాళ్లకూ బాగా తెలిసి ఉండాల్సింది ఇదే. రిపోర్టు రావడంతో పని అయిపోదు. అది సరైన సమయానికి సరైన మనిషి చేతికి చేరాలి.

సిఫిలిస్‌కు గడువు అన్నిటికన్నా ముందు. సిఫిలిస్ క్రిమి తల్లి రక్తం నుంచి మాయను దాటి నేరుగా బిడ్డలోకి వెళ్తుంది. తొలి దశలో ఉన్న సిఫిలిస్‌కు వైద్యం జరగకపోతే సగానికి పైగా గర్భాల్లో చెడు జరుగుతుంది: కడుపులోనే బిడ్డ పోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టాక కొద్ది రోజుల్లో చనిపోవడం, లేదా జబ్బుతో పుట్టడం. జబ్బుతో పుట్టిన బిడ్డ మొదట్లో మామూలుగానే ఉండవచ్చు. తర్వాత ఆగని ముక్కుకారడం, అరచేతుల మీదా అరికాళ్ల మీదా పొక్కులు, ఎముకల నొప్పితో చేయి కదపలేకపోవడం మొదలవుతాయి. ఇంకా పెద్దయ్యాక చూపు, వినికిడి దెబ్బతినవచ్చు.

దీనికి మందు 1940ల నుంచీ ఒక్కటే: పెన్సిలిన్. బెంజతీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు పిరుదు కండలోకి ఇస్తారు. సాధారణంగా 12 లక్షల చొప్పున రెండు వైపులా వేస్తారు. మందు చిక్కగా ఉంటుంది కాబట్టి బాగానే నొప్పి పెడుతుంది. జబ్బు కొత్తదైతే ఒక్క మోతాదు చాలు. ఎప్పటిదో తెలియకపోతే, గర్భిణుల్లో చాలావరకు తెలియదు, వారానికొకటి చొప్పున మూడు మోతాదులు వేయాలి. మధ్యలో వారం తప్పితే కోర్సు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. "ఇంజెక్షన్ వద్దు, మాత్రలివ్వండి" అని అడిగేవాళ్లుంటారు. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ లాంటివి మాయను సరిగా దాటవు. తల్లికి కొంత మేలు చేసినా బిడ్డను నమ్మకంగా కాపాడలేవు. పెన్సిలిన్ పడదని తెలిసిన తల్లికి కూడా పెద్దాసుపత్రిలో కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ అలవాటు చేసి మరీ ఇస్తారు. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒక రోజులోపు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. క్రిములు ఒక్కసారిగా చావడం వల్ల వచ్చేదది. అయితే గర్భిణిలో ఆ సమయంలో నొప్పులు మొదలైనా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గడువు ఏమిటంటే, కాన్పుకు కనీసం నాలుగు వారాల ముందే వైద్యం మొదలవ్వాలి. అంతకన్నా ఆలస్యమైతే ఇంజెక్షన్ వేసినా బిడ్డకు వైద్యం సరిగా జరగనట్టే లెక్క, పుట్టాక బిడ్డను విడిగా పరీక్షించి మందు వేస్తారు. వీడీఆర్‌ఎల్ పరీక్షను తొమ్మిదో నెలలో చేయిస్తే లాభం సగం పోయేది ఇందుకే. తొలి మూడు నెలల్లో, తొలిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడే చేయించాలి. భర్తకూ అదే వైద్యం జరగాలి, లేదంటే ఆమెకు నయమైన జబ్బు నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది.

హెపటైటిస్-బికి గడువు దాదాపు తలకిందులు. ఈ వైరస్ కడుపులో ఉండగా బిడ్డను చేరడం అరుదు. ఎక్కువగా కాన్పు సమయంలో, తల్లి రక్తం, ద్రవాలు బిడ్డకు తగిలినప్పుడు చేరుతుంది. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే వందలో తొంభై అయిదు మందికి పైగా శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డ శరీరానికి ఆ శక్తి లేదు. వైరస్‌ను శత్రువుగా గుర్తించదు. పురిట్లో సోకిన పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. వాళ్లలో కొందరికి ముప్పై, నలభై ఏళ్ల వయసులో కాలేయం గట్టిపడుతుంది, లేదా కాలేయ క్యాన్సర్ వస్తుంది. అప్పుడు దాన్ని ఎవరూ పుట్టిన రోజుతో కలిపి చూడరు.

కానీ వైరస్ చేరే క్షణం ఎప్పుడో తెలుసు కాబట్టి అడ్డుకోవడం తేలిక. పుట్టిన వెంటనే, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, టీకా తొలి మోతాదు వేయాలి. తల్లికి వైరస్ ఉందని తెలిస్తే దాంతోపాటు హెచ్‌బీఐజీ అనే తయారు ప్రతిరక్షకాల ఇంజెక్షన్ 12 గంటల్లోపు ఇవ్వాలి. తైవాన్ 1984లో వైరస్ ఉన్న తల్లుల పిల్లలతో, 1986 నుంచి పుట్టిన ప్రతి బిడ్డతో ఈ పని మొదలుపెట్టింది. పదేళ్లు గడిచాక లెక్క చూస్తే ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి పడిపోయింది. క్యాన్సర్‌ను టీకాతో ఆపవచ్చని ప్రపంచానికి తొలిసారి రుజువైంది అక్కడే.

పుట్టింటికి ప్రయాణం

కాగితం మీద ఇదంతా సులువు. మన దగ్గర తేడా కొట్టేది ఎక్కడో చెప్పడానికి ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. కాపురం హైదరాబాదు కూకట్‌పల్లిలో, పుట్టిల్లు ఒంగోలు దగ్గర ఒక ఊరు. తొలి చూలు. పదకొండో వారంలో చేసిన పరీక్షలో హెచ్‌బీఎస్‌ఏజీ "రియాక్టివ్" అని వచ్చింది. మిగతా రెండూ "నాన్ రియాక్టివ్".

డాక్టరమ్మ పరీక్ష మళ్లీ చేయించి ఖాయం చేసుకుంటుంది. తర్వాత కాలేయం ఎలా ఉందో చూసే ఎస్‌జీపీటీ, రక్తంలో వైరస్ ఎంత ఉందో లెక్కించే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్షలు రాస్తుంది. ఈ రెండోది చాలా ముఖ్యం. మిల్లీలీటరు రక్తంలో వైరస్ 2 లక్షల యూనిట్లు దాటితే, పుట్టగానే టీకా, హెచ్‌బీఐజీ రెండూ వేసినా కొంతమంది పిల్లలకు వైరస్ సోకుతూనే ఉంది. అలాంటి తల్లికి 28వ వారం నుంచి టెనోఫోవిర్ మాత్ర రోజుకొకటి ఇచ్చి, కాన్పు నాటికి వైరస్‌ను అణచివేస్తారు. మన ఊహలోని ఇల్లాలికి లెక్క 3 కోట్లు వచ్చిందనుకుందాం. అంటే మాత్ర కావాలి. కానీ ఇప్పుడే కాదు, ఇంకో నాలుగు నెలలు ఆగి మొదలుపెట్టాలి. 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్షలూ మందులూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

భర్తకు పరీక్ష చేస్తే నెగెటివ్. అతనికి మూడు డోసుల టీకా: ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. ఆమె తల్లికీ, అన్నదమ్ములకూ కూడా పరీక్ష చేయమంటారు. తల్లికి పాజిటివ్ వస్తే ఆశ్చర్యం లేదు. ఆమెకు యాభై ఏళ్లుంటాయి, ఇప్పుడైనా కాలేయం చూపించుకోవడానికి ఇదొక అవకాశం.

ఏడో నెలలో శ్రీమంతం. గాజులు వేయించుకుని, పూలజడతో ఫొటోలు దిగి అమ్మాయి ఒంగోలు బయల్దేరుతుంది. సరిగ్గా టెనోఫోవిర్ మొదలుపెట్టాల్సిన 28వ వారంలోనే ఆమెను చూసే డాక్టరు మారిపోతారు. పాత ఫైలు కూకట్‌పల్లిలో బీరువాలో ఉండిపోతుంది. ఒంగోలు ఆసుపత్రి వాళ్లు "పాత రిపోర్టులు ఉన్నాయా?" అని అడిగితే వాళ్లమ్మ "అన్నీ నార్మలేనండీ" అంటుంది. ఆమెకు కూతురు చెప్పి ఉండదు. చెప్పడానికి మొహమాటం.

ఇక కాన్పు ఆదివారం రాత్రి రెండు గంటలకు అయిందనుకోండి. హెచ్‌బీఐజీ అన్ని మందుల షాపుల్లో దొరికేది కాదు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు, ధర వేల రూపాయల్లో ఉంటుంది. పన్నెండు గంటల గడువు గడియారం రెండింటికే మొదలైపోయింది. అందుకే అది తొమ్మిదో నెల మొదలయ్యేసరికి కాన్పు చేసే ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉండాలి, లేదా ఎక్కడ దొరుకుతుందో, ఎవరు తెస్తారో తేల్చుకుని ఉండాలి. నొప్పులొచ్చాక వెతకడం మొదలుపెడితే మధ్యాహ్నం అయిపోతుంది.

అన్నీ కుదిరిన కాన్పు ఎలా ఉంటుందంటే: లేబర్ రూము సిస్టరు కేస్ షీటు మీద హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అన్న మాట ముందే చూసి ఉంటుంది. బిడ్డ పుట్టగానే ఒంటి మీద రక్తం శుభ్రంగా తుడిచి, ఒక తొడకు టీకా, రెండో తొడకు అర మిల్లీలీటరు హెచ్‌బీఐజీ వేస్తుంది. రెండూ ఒకే తొడకు వేయరు. తల్లి వెంటనే పాలివ్వవచ్చు. హెపటైటిస్-బి ఉన్నందుకు పాలు మాన్పించాల్సిన పని లేదు, సిజేరియన్ చేయాల్సిన పనీ లేదు. ఈ వైరస్‌ను కారణంగా చూపి ఎవరైనా ఆపరేషన్‌కో డబ్బాపాలకో తొందరపెడితే గట్టిగా ప్రశ్నించవచ్చు. తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు అందరు పిల్లలకూ వేసే పెంటావాలెంట్‌లోనే ఈ టీకా మిగతా డోసులు ఉంటాయి. తల్లి టెనోఫోవిర్ ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, తనంతట తాను ఆపకూడదు. ఆపాక కొన్ని నెలలు కాలేయ పరీక్షలు చేయించాలి, ఒక్కోసారి వైరస్ మళ్లీ విజృంభిస్తుంది.

చివరి మెట్టు చాలామంది మరిచిపోయేది. బిడ్డకు తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య రెండు పరీక్షలు చేయించాలి: వైరస్ ఉందా, టీకా పట్టిందా అని. అంతకుముందే చేస్తే పుట్టినప్పుడు వేసిన హెచ్‌బీఐజీ ప్రభావం వల్ల ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. టీకా పట్టని బిడ్డకు మళ్లీ వేస్తారు.

కొన్ని ల్యాబుల "వైరల్ మార్కర్స్" ప్యాకేజీలో హెపటైటిస్-సి కూడా ఉంటుంది. దానికి టీకా లేదు, గర్భంతో ఉండగా మందు సాధారణంగా ఇవ్వరు. తల్లికి కాన్పయ్యాక మాత్రలతో దాదాపు పూర్తిగా నయం చేస్తారు, బిడ్డను తర్వాత పరీక్షిస్తారు.

హెచ్‌ఐవీ: నెలలు, ఏళ్లు

హెచ్‌ఐవీ గడువు ఒక రోజుకో ఒక ఇంజెక్షన్‌కో పరిమితం కాదు. కడుపులో ఉండగా, కాన్పులో, పాలిచ్చే కాలమంతా వైరస్ బిడ్డను చేరవచ్చు. ఏ మందూ వాడకపోతే, పాలిచ్చే కాలాన్ని కూడా కలుపుకుని, వైరస్ ఉన్న వందమంది తల్లుల పిల్లల్లో 15 నుంచి 45 మందికి సోకుతుంది. అమెరికా, ఫ్రాన్స్ దేశాల్లో జరిగి 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో గర్భిణులకు జిడోవుడిన్ అనే మందు ఇచ్చి చూస్తే, పిల్లలకు సోకడం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గింది. తల్లికి పరీక్ష చేయడానికి బలమైన కారణం దొరికింది అప్పుడే. అంతకుముందు ఫలితం తెలిసినా బిడ్డ కోసం చేయగలిగింది పెద్దగా లేదు.

ఇప్పుడు పరిస్థితి ఇంకా మారింది. మన ఏఆర్‌టీ కేంద్రాల్లో ఇచ్చేది మూడు మందులు కలిసిన ఒక్క మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్. రోజుకొకటి, ఉచితంగా, ఫలితం ఖాయమైన వెంటనే మొదలుపెట్టి జీవితాంతం. గర్భం మొదట్లోనే ఇది మొదలై, కాన్పు నాటికి రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే బిడ్డకు సోకే అవకాశం వందలో ఒకటి, రెండుకు మించదు. పుట్టిన బిడ్డకు నెవిరపిన్ సిరప్ ఆరు వారాలు పోస్తారు. తల్లి మందు ఆలస్యంగా మొదలైతే ఎక్కువ కాలం పోస్తారు, లేదా రెండో మందు కలుపుతారు.

పాల విషయంలో ఇంట్లో జరిగే పొరపాటు ఒకటుంది. తల్లిపాలూ ఇస్తూ మధ్యమధ్యలో డబ్బాపాలు, తేనె, గ్లూకోజు నీళ్లు పట్టడం. ఇలా కలిపి పట్టినప్పుడే సోకడం ఎక్కువని దక్షిణాఫ్రికాలోని డర్బన్ పరిశోధన 1999లోనే చూపింది. మన దేశంలో ఇచ్చే సలహా ఏమిటంటే, తల్లి మందు తప్పకుండా వేసుకుంటూ ఆరు నెలలు తన పాలే ఇవ్వాలి. పాలు అసలివ్వకూడదని తల్లి నిర్ణయించుకుంటే పూర్తిగా డబ్బాపాలే పట్టాలి. అమెరికా, బ్రిటన్‌లలో ఉంటున్న మన అమ్మాయిలకు అక్కడి డాక్టర్లు డబ్బాపాలే మేలని చెబుతూ వచ్చారు. అక్కడ శుభ్రమైన నీళ్లూ, పాలపొడీ అందరికీ అందుతాయి కాబట్టి లెక్క వేరు. ఇంటర్నెట్‌లో చదివిన సలహాను దేశం చూసుకోకుండా పాటించకూడదు.

బిడ్డకు సోకిందా లేదా అన్నది మామూలు హెచ్‌ఐవీ పరీక్షతో వెంటనే తేలదు. ఆ పరీక్ష చూసేది ప్రతిరక్షకాలను. తల్లి ప్రతిరక్షకాలు బిడ్డ రక్తంలో ఏడాదిన్నర దాకా ఉండగలవు, అంటే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా పాజిటివ్ రావచ్చు. అందుకని ఆరో వారంలో మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను ప్రత్యేక కాగితం మీద ఆరబెట్టి, వైరస్‌నే వెతికే పరీక్షకు పంపుతారు. తర్వాత ఆరో నెలలో, ఏడాదికి మళ్లీ చూస్తారు. ఏడాదిన్నరకు చేసే పరీక్షే ఆఖరి మాట.

రిపోర్టు చేతికొచ్చాక

"రియాక్టివ్" అన్న మాట చూసి కుప్పకూలిపోయిన ఇళ్లున్నాయి. ఆ మాటకు అర్థం జబ్బు ఖాయమని కాదు, మళ్లీ చూడాలని. ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. పదివేల మంది గర్భిణులను పరీక్షించారనుకుందాం. వాళ్లలో నిజంగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 20 మంది. కిట్టు మంచిదే, ఆ ఇరవైమందినీ పట్టుకుంటుంది. కానీ జబ్బు లేనివాళ్లలో వెయ్యికి అయిదుగురిని పొరపాటున పాజిటివ్‌గా చూపిస్తుందనుకుంటే, మిగిలిన 9,980 మందిలో దాదాపు 50 మందికి తప్పుడు గీత పడుతుంది. మొత్తం 70 మందిలో నిజం 20 మందికే. అందుకే ఊళ్లో ఏఎన్ఎం వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చేసే పరీక్ష మొదటి వడపోత మాత్రమే. తేడా వస్తే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రమైన ఐసీటీసీకి పంపి, మూడు వేర్వేరు రకాల కిట్లతో చూశాకే పాజిటివ్ అని చెబుతారు. ఒక్క ప్రైవేటు ల్యాబు కాగితంతో కాపురంలో గొడవ పెట్టుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి.

వీడీఆర్‌ఎల్‌కు ఇంకో పేచీ ఉంది. అది సిఫిలిస్ క్రిమిని నేరుగా చూడదు, దానివల్ల శరీరంలో వచ్చే మార్పును చూస్తుంది. కొందరికి గర్భం వల్లే, కొందరికి లూపస్ లాంటి జబ్బుల వల్ల, మలేరియా తర్వాత అది పాజిటివ్ చూపించవచ్చు. అప్పుడు ఆ క్రిమికి ప్రత్యేకమైన ప్రతిరక్షకాలను చూసే రెండో పరీక్ష చేస్తారు. ఆ రెండోదాని ఇబ్బంది వేరు: ఎప్పుడో వైద్యం చేయించుకుని నయమైనవాళ్లకు కూడా జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. అందుకని పాత ఇంజెక్షన్ల కాగితం పారేయకూడదు. నయమైందా లేదా అన్నది వీడీఆర్‌ఎల్ అంకెతో తెలుస్తుంది. 1:32 ఉన్నది కొన్ని నెలల్లో 1:8కో అంతకన్నా కిందికో దిగితే మందు పని చేసినట్టు.

"నాన్ రియాక్టివ్" కూడా శాశ్వతమైన సర్టిఫికెట్ కాదు. కొత్తగా సోకితే మొదటి కొన్ని వారాలు పరీక్షకు చిక్కదు. పైగా గర్భం మధ్యలో సోకే అవకాశం ఎప్పుడూ ఉంది, అలా కొత్తగా సోకినప్పుడు రక్తంలో వైరస్ బాగా ఎక్కువగా ఉండి బిడ్డకు ముప్పు పెరుగుతుంది. భర్త పని మీద దూరాభార ఊళ్లలో ఉండి వచ్చినా, అతని పరీక్ష ఇంకా కాకపోయినా, ఏడెనిమిది నెలల మధ్య మళ్లీ చేయించమని అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. అసలు పరీక్షలే చేయించుకోకుండా నొప్పులతో వచ్చిన తల్లికి కూడా లేబర్ రూములో చేస్తారు. హెచ్‌ఐవీ కిట్టులో గీత పడితే, పూర్తి నిర్ధారణ కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. పొరపాటైతే తర్వాత ఆపేయవచ్చు.

పరీక్ష అందరికీ అంటే బలవంతమని కాదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పరీక్షకు ముందు విషయం చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఫలితాన్ని ఆమె అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో కాన్పు చేయబోమని పంపేయడం, వార్డులో వేరుగా పెట్టడం వివక్ష కిందికే వస్తుంది. చట్టం ఉన్నా కొన్నిచోట్ల మంచానికి ఎర్ర చీటీ తగిలించే అలవాటు పోలేదు. ప్రతి తల్లి రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో పట్టుకునే ఆసుపత్రికి ఆ చీటీతో పనే ఉండకూడదు. అలాంటివి ఎదురైనా, రిపోర్టు చూసి ఏం చేయాలో తోచకపోయినా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచిత ఫోను 1097 ఉంది. పేరు చెప్పకుండానే మాట్లాడవచ్చు.

థాయ్‌లాండ్ 2016లో, శ్రీలంక 2019లో తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ సోకడాన్ని దాదాపు అంతం చేసినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఆ దేశాల్లో అద్భుతమైన కొత్త మందేదీ కనిపెట్టలేదు. వాళ్లు వాడింది ఇవే కిట్లు, ఇదే పెన్సిలిన్, ఇవే మాత్రలు. గర్భిణులు దాదాపు అందరూ వేళకు పరీక్ష చేయించుకున్నారు, తేలినవాళ్లను చివరిదాకా వదలకుండా చూసుకున్నారు.

మన దగ్గర ఆ పనిలో సగం ఆశా, ఏఎన్ఎం చేస్తున్నారు. మిగతా సగం ఇంటివాళ్లది. పన్నెండు వారాల్లోపు ఈ మూడు పరీక్షలూ చేయించండి. ఫలితాలు తేదీతో సహా తల్లీబిడ్డల కార్డులో రాయించండి. ఆ కార్డు, ఒరిజినల్ రిపోర్టులు ఆమె చేతి సంచిలోనే ఉండాలి గానీ బీరువాలో కాదు. కాన్పు చేసే ఆసుపత్రిలో అడుగుపెట్టిన మొదటి రోజే వాటిని చూపించి, బిడ్డకు పుట్టగానే వేయాల్సిన టీకా, అవసరమైతే హెచ్‌బీఐజీ, సిద్ధంగా ఉన్నాయో లేవో అడగండి. లేవంటే వేరే ఆసుపత్రి చూసుకోవడానికి అప్పటికింకా టైముంటుంది.